క్లయింట్ నుంచి మ్యాటర్ రావడం లేదా? ఎక్కడ ఆగిందో చూడండి

మియాపూర్‌లో మాడ్యులర్ కిచెన్లు చేసే ఒక యజమానిని ఉదాహరణగా తీసుకుందాం. పొద్దున జీడిమెట్లలో వర్క్‌షాప్, మధ్యాహ్నం నుంచి కోకాపేట, తెల్లాపూర్ సైట్లు. వెబ్‌సైట్ కావాలని అడ్వాన్స్ ఇచ్చాడు, ఆ తర్వాత మాత్రం చేతికి చిక్కడు.

సమస్య: "రేపు పంపిస్తా" అంటాడు, ఏమీ రాదు

బిజీగా ఉండటం సగం కారణమే. "కంటెంట్ పంపండి సార్" అని మనం అడగడం మిగతా సగం. ప్లైవుడ్ గురించి గంట మాట్లాడగల మనిషికి "మా గురించి" అని రాసి పంపమంటే పెన్ను కదలదు.

అందుకే రాయమని అడగకండి, మాట్లాడించండి. సైట్‌కి బయల్దేరే ముందు అరగంట ఫోన్ టైమ్ తీసుకుని, ఆయన అనుమతితో రికార్డ్ చేయండి. "మీ ప్రత్యేకత ఏమిటి?" అంటే "క్వాలిటీ సార్" అనే వస్తుంది. దాని బదులు ఇవి అడగండి: ఫోన్ చేసినవాళ్లు మొదట ఏం అడుగుతారు? ఏ మాట దగ్గర వెనక్కి తగ్గుతారు? కస్టమర్ బతిమాలినా మీరు చేయని పని ఏది? అప్పుడు "సింక్ కింద నీళ్లకు తట్టుకునే బీడబ్ల్యూపీ ప్లైవుడ్ తప్ప వేరేది వేయను, తడికి ఉబ్బిపోతుంది" అంటాడు. పేజీకి కావలసిన వాక్యం అదే.

మర్నాటికల్లా దాన్ని రాసి, తెలియని చోట పసుపు రంగు ఖాళీలు వదిలి పంపండి. "వారంటీ ___ ఏళ్లు" అని కనిపిస్తే వెంటనే వాయిస్ మెసేజ్ వస్తుంది. రాయడానికి బద్ధకించేవాళ్లు కూడా తప్పు కనిపిస్తే దిద్దకుండా ఉండలేరు.

ఫోన్‌కి కూడా దొరక్కపోతే అడగాల్సిన మనిషి వేరు. ఆఫీసులో అకౌంట్స్ చూసే అమ్మాయో, సైట్లు చూసే మేనల్లుడో ఉంటారు. సేకరణ వాళ్లకు అప్పగించి, ఓకే చెప్పే పని మాత్రం యజమానికి ఉంచండి.

సమస్య: ఫోటోలు ఫోన్‌లో బాగున్నాయి, పేజీలో మసకగా ఉన్నాయి

ఫైల్ పేరు చూడండి. `IMG-20240110-WA0007.jpg` లాగా మధ్యలో `WA` ఉంటే అది వాట్సాప్ గుండా వచ్చింది. మామూలుగా పంపితే వాట్సాప్ ఫోటోను కుదించేస్తుంది, పొడవైన వైపు తరచుగా 1600 పిక్సెళ్ల దగ్గర ఆగుతుంది. పేజీ పైభాగంలో నిండుగా పరిచే ఫోటోకి కనీసం 1920 ఉండాలి. చిన్నదాన్ని సాగదీస్తే పోయిన వివరం తిరిగి రాదు.

`Document`గా పంపమనండి, లేదా డ్రైవ్ ఫోల్డర్ లింక్ ఇవ్వండి. ఒక మెలిక ఉంది: యజమాని ఫోన్‌లో ఉన్నదే సూపర్‌వైజర్ ఫార్వర్డ్ చేసినది అయితే, డాక్యుమెంట్‌గా పంపినా అదే మసక ఫోటో వస్తుంది. తీసినవాళ్ల ఫోన్ నుంచే తెప్పించుకోవాలి.

సమస్య: లోగో చుట్టూ తెల్ల డబ్బా

విజిటింగ్ కార్డు నుంచి కత్తిరించిన జేపీజీ అది. అసలు ఫైల్ యజమాని దగ్గర ఉండదు, బోర్డు చేసిన ఫ్లెక్సీ షాపులోనో ప్రింటింగ్ ప్రెస్‌లోనో కోరల్ డ్రా ఫైల్‌గా ఉంటుంది. నంబర్ తీసుకుని మీరే అడగండి: "అక్షరాలను కర్వ్స్ చేసి పీడీఎఫ్ ఇవ్వండి." వచ్చాక బాగా జూమ్ చేసి చూడండి. అంచులు గళ్లుగా పగిలితే పీడీఎఫ్ లోపల ఉన్నది మళ్లీ ఆ జేపీజీయే.

పాంప్లెట్‌లోని తెలుగు మ్యాటర్ కూడా ప్రెస్ నుంచే వస్తే జాగ్రత్త. అను ఫాంట్లలో టైప్ చేసినదాన్ని పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి, ఎందుకంటే అది యూనికోడ్ కాదు. కన్వర్టర్‌తో మార్చాక వత్తులు ఒక్కొక్కటీ చూసుకోవాలి. రెండు పేరాలే అయితే మళ్లీ టైప్ చేయడమే నయం.

సమస్య: "టెస్టిమోనియల్స్ మీరే రాసేయండి"

రాయొద్దు. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై 2022 కేంద్ర మార్గదర్శకాల ప్రకారం, ప్రకటనలోని అభిప్రాయం ఆ వ్యక్తి నిజమైన అభిప్రాయమే అయి ఉండాలి. అయినా కస్టమర్ని అడగడానికి యజమాని మొహమాటపడతాడు. ఆయన ఫార్వర్డ్ చేస్తే చాలేలా మెసేజ్ మీరే రాసివ్వండి:

"నమస్తే అండీ, కిచెన్ వాడుతున్నారు కదా, పని చేయించుకునే ముందు మీకున్న భయం ఏమిటి, ఇప్పుడెలా ఉంది? రెండు మాటలు చెప్పండి. పేరు, ఏరియాతో వెబ్‌సైట్‌లో పెట్టుకోవచ్చా?"

"సూపర్ వర్క్" కంటే "చెప్పిన తేదీకి పూర్తవుతుందా అని టెన్షన్ పడ్డాం" అనే మాట పదిరెట్లు పనిచేస్తుంది. అనుమతిచ్చిన మెసేజ్ స్క్రీన్‌షాట్‌ను ఆ మాటల పక్కనే దాచండి.

సమస్య: అన్నీ వచ్చాయి, ఏదీ దొరకదు

వాట్సాప్ చాట్‌ను గోదాం చేయొద్దు. వచ్చిన రోజే ఫోల్డర్‌లోకి మార్చి, `kokapet-kitchen-after-01.jpg` లాంటి పేరు పెట్టండి. పక్కన ఒక షీట్ ఉంచండి: ఏ పేజీకి ఏది కావాలి, ఎవరివ్వాలి, వచ్చిందా, యజమాని ఓకే అన్నాడా. వచ్చిందీ ఓకే అయ్యిందీ వేర్వేరు గడులు. క్లయింట్‌కి షీట్ పంపకండి, తెరవడు. అందులో మిగిలిన వాటిలోంచి ఒక్కదాన్నే రోజూ అడగండి.