ఒకే బిల్లుకు రెండుసార్లు డబ్బు కట్టేశారా? తిరిగి రాబట్టుకోవడం ఇలా

విజయవాడ ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టే ఒక యూనిట్ అనుకుందాం. స్టీలు పైపులు పంపిన సప్లయర్ ముందు బిల్లు ఫోటో వాట్సాప్‌లో పెట్టాడు. అకౌంట్స్‌లో దాన్ని 147 అని ఎంటర్ చేసి డబ్బు పంపేశారు. వారం తర్వాత లారీ డ్రైవర్ ఇచ్చిన అసలు బిల్లు ఇంకొకరి టేబుల్ మీదికి వచ్చింది. వాళ్లు దాన్ని SP/147 అని ఎక్కించి మళ్లీ కట్టారు. సరుకు విలువ 1,20,000, జీఎస్టీ 21,600, మొత్తం 1,41,600 రూపాయలు.

ఇక్కడ చిక్కేమిటంటే, బిల్లూ రెండుసార్లు ఎక్కింది, చెల్లింపూ రెండుసార్లు ఎక్కింది కాబట్టి మన లెడ్జర్‌లో బ్యాలెన్స్ సున్నానే చూపిస్తుంది. బిల్లు ఒకసారే ఎక్కి డబ్బు రెండుసార్లు వెళ్లి ఉంటే డెబిట్ బ్యాలెన్స్ కనిపించి వెంటనే దొరికేది. ఇలాంటిది బయటపడేది రెండు చోట్ల. ఒకటి, సప్లయర్ దగ్గర తెప్పించుకున్న లెడ్జర్‌తో మనది పోల్చినప్పుడు. రెండు, జీఎస్టీఆర్-2బీలో ఒక్క బిల్లే ఉండి మన కొనుగోళ్ల రిజిస్టర్‌లో రెండు ఉన్నప్పుడు.

అనుమానం రాగానే ఫోన్ ఎత్తకండి. ముందు కాగితాలు తీయండి. రెండు ఎంట్రీలకూ ఈ-వే బిల్లు నంబరు, గేటు దగ్గర రాసుకున్న ఇన్‌వర్డ్ నంబరు ఒకటేనా చూడండి. ఒకటే అయితే వచ్చింది ఒక్క లోడే. తర్వాత బ్యాంకు స్టేట్‌మెంట్‌లో రెండు యూటీఆర్ నంబర్లు పట్టుకోండి. రెండోది రిటర్న్ అయి మన ఖాతాలోకే తిరిగి వచ్చిందేమో కూడా అక్కడే చూడాలి. ఈ చిన్న పని చేయకుండా సప్లయర్‌ను అడిగి మాట పడ్డవాళ్లు చాలామందే ఉన్నారు.

ఇప్పుడు మన పుస్తకాలు సరిచేయాలి. రెండోసారి ఎక్కిన కొనుగోలు ఎంట్రీని రద్దు చేయండి. ఆ నెల రిటర్న్ ఇప్పటికే వేసి ఉంటే డిలీట్ చేయకుండా రివర్సల్ ఎంట్రీ వేయడం మంచిది, ఎప్పుడు ఏం జరిగిందో జాడ ఉంటుంది. 21,600 ఇన్‌పుట్ ట్యాక్స్ రెండుసార్లు తీసుకుని ఉంటే ఒకటి వెనక్కి ఇవ్వాలి. దాన్ని వాడేసి ఉంటే వడ్డీ కూడా పడుతుంది. ఇదంతా అయ్యాక సప్లయర్ లెడ్జర్‌లో 1,41,600 డెబిట్ నిలుస్తుంది. అది ఖర్చు కాదు, మనకు రావలసిన సొమ్ము.

ఇక అడగడం. “మీ దగ్గర డబ్బు ఉండిపోయింది” అని మొదలుపెడితే అవతలివాళ్లకు చురుక్కుమంటుంది. “అన్నా, మా పేరు మీద మీ పుస్తకాల్లో 1,41,600 ఎక్కువ జమ ఉందేమో ఒకసారి చూసి లెడ్జర్ పంపిస్తారా” అంటే అకౌంటెంట్ తనే చూసి చెప్తాడు. ఆ లెడ్జర్, రెండు యూటీఆర్‌లు జతచేసి ఈమెయిల్ పెట్టండి. ఫోన్‌లో ఒప్పుకున్నది ఆర్నెల్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు. పొరపాటున చేరిన డబ్బు తిరిగి ఇవ్వాలని 1872 కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ చెబుతోంది. కానీ మొదటి ఉత్తరంలోనే సెక్షన్లు ఎత్తితే మామూలుగా సర్దుకుపోయేది కాస్తా గొడవవుతుంది.

ఈ సప్లయర్ దగ్గర మళ్లీ కొనేది లేకపోతే రిఫండ్ అడగండి, డబ్బు ఏ ఖాతా నుంచి వెళ్లిందో ఆ ఖాతాకే. ప్రతి నెలా సరుకు వస్తుంటే సర్దుబాటు తేలిక.

క్రెడిట్ నోట్ అన్న మాట రాగానే మాత్రం ఆగండి. సప్లయర్ అలవాటు కొద్దీ బిల్లు 147 మీద జీఎస్టీతో క్రెడిట్ నోట్ ఇచ్చి పోర్టల్‌లో ఎక్కిస్తాడు. సరుకు వెనక్కి పోలేదు, ధర తగ్గలేదు, కాబట్టి అది ఇవ్వాల్సిన సందర్భమే కాదు. అది మన 2బీలోకి వస్తే, న్యాయంగా రావలసిన 21,600 ఇన్‌పుట్ క్రెడిట్‌కే ఎసరు. జీఎస్టీ లేని మామూలు క్రెడిట్ నోట్ గానీ, “అదనంగా అందిన 1,41,600ను రాబోయే బిల్లుల్లో సర్దుతాం” అన్న ఉత్తరం గానీ చాలు.

తర్వాతి బిల్లు 94,400 వచ్చిందనుకోండి. కట్టేది ఏమీ లేదు, మనకు ఇంకా 47,200 మిగులుతుంది. ఆ పై బిల్లు 70,800 అయితే 23,600 కడితే సరి. రెండు బిల్లులకూ జీఎస్టీ క్రెడిట్ పూర్తిగానే తీసుకోవాలి, ఎందుకంటే తగ్గింది మనం పంపే డబ్బే, బిల్లు విలువ కాదు. చివరి సర్దుబాటు అయ్యాక ఇరువైపుల లెడ్జర్లూ ఒకే తేదీకి పోల్చి, బ్యాలెన్స్ ధ్రువీకరణ మీద సప్లయర్ సంతకం, స్టాంపు వేయించుకుని ఆ బిల్లు ఫైల్లో పెట్టండి.