ఏడుపు బదులు ఆనందబాష్పాలు: ఎమోజీ పేరుతో నేను దిద్దుకున్న తప్పు

దేవరకొండలో ఉండే మా పెద్దనాయనకు చూపు లేదు. ఆయన ఫోన్‌లోని టాక్‌బ్యాక్ సందేశాలను ఇంగ్లీషు గొంతుతో చదివి వినిపిస్తుంది. దశదినకర్మ కబురుకు జవాబుగా నేను తెలుగులో నాలుగు మాటలు చెప్పి టైపు చేయించి, చివర కన్నీళ్ల ముఖాన్ని వేలితో తాకి పంపాను. "ఏమిరా, ‘ఫేస్ విత్ టియర్స్ ఆఫ్ జాయ్’ అంటున్నదేమి?" అని ఆయన అడిగినప్పుడు నాకు సిగ్గేసింది.

కారణం వెతికితే తెలిసింది: చదివే సాధనం మన ఉద్దేశాన్ని కాక, అక్షరాలకూ ఎమోజీలకూ అన్ని ఫోన్లలో ఒకే గుర్తింపు ఇచ్చే యూనికోడ్ ప్రమాణంలో ఆ గుర్తుకున్న పేరును పలుకుతుంది. 😂 పేరు ఆనందబాష్పాల ముఖం, 😭 పేరు ‘లౌడ్లీ క్రయింగ్ ఫేస్’. చిన్న తెరపై రెండూ నీళ్లు కార్చే పసుపు ముఖాలే.

తెలుగు డిక్టేషన్‌లో "ఏడుపు ఎమోజీ" అంటే నా ఫోన్‌లో ఆ మాటలే అక్షరాలుగా పడ్డాయి. అందుకే సందేశం తెలుగులో ముగించాక, కీబోర్డును ఇంగ్లీషుకు మార్చి, మైకు నొక్కి, పూర్తి పేరు చివర ‘ఎమోజీ’ చేర్చి పలుకుతున్నాను. ఐఫోన్‌లో ఈ సౌకర్యం 2022లో ఐఓఎస్ 16తో వచ్చింది. ఒక్క గుర్తే పెడతాను. ఐదు పెడితే ఆయన ఆ పేరును పదేపదే వినాల్సి రావచ్చు.