జాబ్ డిస్క్రిప్షన్‌లో డైనమిక్, ఓనర్‌షిప్ లాంటి మాటలు తీసేసి అసలు పని రాయడం ఎలా?

విజయవాడ ఆటోనగర్‌లో పైపులు, ఫిట్టింగులు అమ్మే ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర అకౌంటెంట్ మానేస్తున్నాడు. కొత్త మనిషి కోసం ఓనర్ గారు ప్రకటన రాయించి, పెట్టేముందు ఒకసారి చూడమ్మా అని నాకు పంపారు. అందులో ఉన్నది ఇదీ:

"డైనమిక్, సెల్ఫ్ మోటివేటెడ్ అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ కావాలి. ఫాస్ట్ పేస్డ్ వాతావరణంలో ఒత్తిడి తట్టుకుని మల్టీటాస్కింగ్ చేయాలి. ఓనర్‌షిప్ తీసుకునే టీమ్ ప్లేయర్ అయ్యుండాలి. సీఏ ఇంటర్ లేదా ఎంబీఏ ఫైనాన్స్, 5 ఏళ్ల అనుభవం. మంచి జీతం, ఫ్యామిలీ లాంటి వాతావరణం."

ఇది చదివి సోమవారం పొద్దున ఆఫీసుకొచ్చి ఏం చేయాలో ఎవరైనా చెప్పగలరా? టాలీలో బిల్లులు కొట్టాలా, జీఎస్టీ రిటర్న్ వేయాలా, బ్యాంకుకి వెళ్లాలా, అసలు జీతం ఎంత, ఏదీ లేదు. దీన్ని మార్చి రాసిన పద్ధతినే ఇక్కడ వరసగా చెప్తాను, మీ ఆఫీసులో వేరే పోస్టు అయినా ఇదే వరసలో చేయొచ్చు.

స్టెప్ 1: ప్రకటన పక్కన పెట్టి, క్యాలెండర్ తీయండి

ముందు పాత ప్రకటనని దిద్దడం మొదలుపెట్టకండి, ఎందుకంటే దిద్దితే ఒక పెద్ద మాట పోయి ఇంకో పెద్ద మాట వస్తుంది అంతే. ఇప్పుడు ఆ పని చేస్తున్న మనిషి దగ్గర ఒక గంట కూర్చుని, ఒకటో తారీఖు నుంచి ముప్పై దాకా ఏ రోజు ఏం చేస్తారో అడిగి రాసుకోండి. ఓనర్‌ని కాదు, పని చేసే మనిషినే అడగాలి.

మేం కూర్చుంటే తేలింది ఇది. రోజూ సేల్స్ బిల్లులు, పర్చేజ్ బిల్లులు కలిపి 40 నుంచి 50 దాకా టాలీలో ఎక్కించాలి, సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు తీయాలి. 7వ తారీఖులోపు టీడీఎస్ కట్టాలి, 11కి అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1, 15కి పీఎఫ్, 20కి పన్ను లెక్క చూపి కట్టే జీఎస్టీఆర్-3బీ. శనివారాలు బాకీల లిస్టు తీసి సేల్స్ కుర్రాళ్లకి ఇవ్వాలి. ఇవి కాక కౌంటర్‌లో ఎవరూ లేకపోతే ఫోన్ కూడా ఈయనే ఎత్తాలి, ఇది ఓనర్ గారికి గుర్తే లేదు, అకౌంటెంట్ చెప్తేనే తెలిసింది.

స్టెప్ 2: ఒక్కో బజ్‌వర్డ్ వెనక ఏం జరిగిందో అడగండి

ఎక్కువ టైమ్ పట్టేది ఇక్కడే, పట్టనివ్వండి. ప్రతి మాటకీ "ఇది ఎందుకు రాశారు, ఏ రోజు ఏం జరిగితే ఇది కావాలనిపించింది?" అని అడగాలి. జవాబు వస్తే ఆ జవాబే రాయండి, మాట తీసేయండి. జవాబు రాకపోతే ఊరికే కొట్టేయండి.

"డైనమిక్", "సెల్ఫ్ మోటివేటెడ్" రెంటికీ ఓనర్ గారి దగ్గర జవాబు లేదు, అందరూ రాస్తారు కదమ్మా అన్నారు, కొట్టేశాం. "ఒత్తిడి" అంటే మాత్రం ఖచ్చితమైన జవాబు వచ్చింది, 9, 10, 11 తారీఖుల్లో, మళ్లీ 18 నుంచి 20 దాకా సాయంత్రం 8 అవుతుంది. అంటే నెలలో ఓ ఆరు రోజులు. "ఒత్తిడి తట్టుకోవాలి" అని చదివినవాళ్లు రోజూ రాత్రి దాకా ఉంచుతారేమో అని భయపడతారు, అదే "నెలలో ఆరు రోజులు 8 దాకా" అంటే ఇంట్లో చిన్న పిల్లలున్న అమ్మాయి కూడా కుదురుతుందో లేదో లెక్క చూసుకుని అప్లై చేస్తుంది. "మల్టీటాస్కింగ్" అంటే ఆ కౌంటర్ ఫోనే.

"ఓనర్‌షిప్" దగ్గర మాత్రం చాలాసేపు ఆగాం. ఓనర్ గారు చెప్పింది ఏంటంటే, కొందరు సప్లయర్లు వాళ్ల జీఎస్టీఆర్-1 టైమ్‌కి వేయరు, దాంతో 14న వచ్చే జీఎస్టీఆర్-2బీలో, అంటే మన కొనుగోలు బిల్లుల లిస్టులో, వాళ్ల బిల్లు కనపడదు, కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మనం కట్టాల్సిన దాంట్లో తగ్గించుకునే ఇన్‌పుట్ క్రెడిట్ ఆ నెల రాదు, డబ్బు చేతినుంచి కట్టాల్సొస్తుంది. పాత అకౌంటెంట్ ఇది 20న చూసి చెప్పేవాడట. అందుకని ఓనర్ గారు "ఇన్‌పుట్ క్రెడిట్ పూర్తిగా వచ్చేలా చూసుకునే బాధ్యత" అని రాద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. సప్లయర్ రిటర్న్ వేయడం వేయకపోవడం మన అకౌంటెంట్ చేతిలో లేదు కదండీ, చేతిలో లేని దానికి బాధ్యత రాస్తే తెలిసినవాళ్లు దూరంగా ఉంటారు, తెలియనివాళ్లు వచ్చి మూడో నెలకి మాట పడతారు. ఆ మనిషి చేతిలో ఉన్నది ఏంటి? 14న 2బీ డౌన్‌లోడ్ చేయడం, మన పర్చేజ్ బిల్లులతో పోల్చడం, లేని బిల్లుల లిస్టు 16 కల్లా ఓనర్‌కి ఇవ్వడం, ఆ సప్లయర్లకి ఫోన్ చేసి కనీసం వచ్చే నెల 2బీలో పడేలా అడగడం. అంతవరకే రాశాం. ఏ ఉద్యోగంలోనైనా "రిజల్ట్స్ డ్రివెన్", "ఎండ్ టు ఎండ్ బాధ్యత" లాంటివి కనపడితే ఇలాగే విడగొట్టి చూడండి, మనిషి చేయగలిగింది ఒకవైపు, ఇంకొకరి మీద ఆధారపడింది ఇంకోవైపు, ప్రకటనలోకి మొదటిదే రావాలి.

స్టెప్ 3: బాధ్యతల్ని పనులుగా రాయండి

ఒక్కో లైన్‌లో ఏం చేయాలి, ఎంత, ఎప్పటికి, ఎవరు చూస్తారు అన్నవి ఉంటే చాలు. "జీఎస్టీ వ్యవహారాలు హ్యాండిల్ చేయాలి" అంటే రిటర్న్ వేసేది ఈయనా బయట ఆడిటరా తెలియదు. ఇక్కడ నిజానికి డేటా రెడీ చేసేది అకౌంటెంట్, చూసి ఫైల్ చేసేది ఆడిటర్. అది రాయకపోతే ఇంటర్వ్యూలో సొంతంగా ఫైల్ చేసేవాళ్లనే వెతుకుతూ కూర్చుంటారు. ఐదారు లైన్లు దాటొద్దు, అన్నిటికంటే ఎక్కువ టైమ్ తినే పని మొదటి లైన్‌లో పెట్టండి. ఇక్కడ అది బిల్లుల ఎంట్రీ, రోజులో సగానికి పైగా దానికే పోతుంది, అది కింద ఎక్కడో దాచి పైన "ఫైనాన్షియల్ అనాలిసిస్" అని పెడితే వచ్చిన మనిషి నెలకే మానేస్తాడు.

స్టెప్ 4: అర్హతల్ని రెండు కుప్పలు చేయండి

ప్రతి అర్హతకీ ఒకటే పరీక్ష: మిగతావన్నీ ఉండి ఇది ఒక్కటీ లేకపోతే ఆ మనిషిని వద్దంటారా? అవును అంటే తప్పనిసరి. కాదు అంటే "ఉంటే మంచిది, లేకపోతే నేర్పిస్తాం".

సీఏ ఇంటర్ లేకపోతే వద్దంటారా అంటే ఓనర్ గారు ఆలోచించి, మానేస్తున్న అబ్బాయి బీకామే కదా అన్నారు. ఎంబీఏ కూడా అలాగే పోయింది. 5 ఏళ్ల అనుభవం అన్నది కూడా సరైన కొలత కాదు, ఐదేళ్లు ఒక్క ఓచర్ ఎంట్రీయే చేసినవాళ్లు ఉంటారు, ఏడాదిన్నరలో నెల మొత్తం పని చూసినవాళ్లూ ఉంటారు. అందుకని ఏళ్ల బదులు చేసిన పని అడిగాం, "కనీసం 12 నెలలు వరసగా జీఎస్టీఆర్-1, 3బీకి డేటా తయారు చేసి ఉండాలి" అని. "ఎక్సెల్‌లో ఎక్స్‌పర్ట్" బదులు "రెండు షీట్లు వీలుకప్‌తో పోల్చగలగాలి" అని, ఎందుకంటే 2బీ పోల్చడానికి కావాల్సింది అదే. "మంచి కమ్యూనికేషన్" బదులు "సప్లయర్లతో తెలుగులో ఫోన్ మాట్లాడాలి, ఇంగ్లిష్ మెయిల్ చదివి చిన్న జవాబు రాయాలి" అని. ఈ-వే బిల్లు తీయడం రెండో కుప్పలోకి వెళ్లింది, రెండు రోజుల్లో వచ్చేస్తుంది.

మగవాళ్లే, పెళ్లికానివాళ్లే అనే లైన్లు ఉంటే తీసేయండి, పనికీ దానికీ సంబంధం లేదు, పైగా రిక్రూట్‌మెంట్‌లో ఆడ మగ తేడా చూపకూడదని 1976 సమాన వేతన చట్టం నుంచీ ఉంది.

స్టెప్ 5: జీతం, టైమింగ్స్ అంకెల్లో రాయండి

"మంచి జీతం" తీసేసి అంకె పెట్టడానికి ఓనర్ గారు కాస్త వెనకాడారు, మిగతా స్టాఫ్ చూస్తారని. కానీ అంకె లేకపోతే 40 వేలు అనుకుని వచ్చినవాళ్లతో ఇంటర్వ్యూలు చేసి చివర్లో ఇద్దరి టైమూ పోతుంది. గ్రాస్ 24,000 అని తేలింది. అందులో బేసిక్ 15,000 మీద పీఎఫ్ 1,800, ఆంధ్రాలో ప్రొఫెషనల్ టాక్స్ 200 పోతే చేతికి 22,000. కంపెనీ కట్టే పీఎఫ్ 1,800 కూడా కలిపితే 25,800 అవుతుంది, చాలామంది ఈ పెద్ద అంకెనే సీటీసీ అని రాస్తారు, మొదటి నెల జీతం పడ్డాక గొడవలు అక్కడే మొదలవుతాయి. చేతికి వచ్చేది కూడా రాసేయండి.

"ఫ్యామిలీ లాంటి వాతావరణం" అంటే ఏంటని అడిగితే, ఎవరికైనా అవసరమైతే అడ్వాన్స్ ఇస్తాను అన్నారు. మంచిదే, అయితే అదే రాద్దాం అన్నాను. ఒక నెల జీతం దాకా, ఆరు నెలల్లో కోత అని.

చివరికి తయారైంది ఇదీ:

"అకౌంటెంట్ కావాలి, పైపుల డిస్ట్రిబ్యూషన్ ఆఫీసు, ఆటోనగర్, విజయవాడ. పని: రోజుకి 40–50 బిల్లులు టాలీలో ఎంట్రీ, 50,000 దాటిన సరుక్కి ఈ-వే బిల్లు. 7లోపు టీడీఎస్, 15లోపు పీఎఫ్ చలానాలు. జీఎస్టీఆర్-1 డేటా 9కి, 3బీ డేటా 18కి రెడీ చేసి ఆడిటర్‌కి ఇవ్వాలి, ఫైలింగ్ ఆయన చేస్తారు. 14న 2బీ పోల్చి, లేని బిల్లుల లిస్టు 16కి ఓనర్‌కి ఇచ్చి, సప్లయర్లకి ఫోన్ చేయాలి. శనివారం బాకీల లిస్టు. కౌంటర్‌లో ఎవరూ లేనప్పుడు ఫోన్ ఎత్తాలి. తప్పనిసరి: బీకామ్, 12 నెలలు జీఎస్టీ డేటా పని, టాలీ, వీలుకప్, సప్లయర్లతో తెలుగులో మాట్లాడటం, ఇంగ్లిష్ మెయిల్ చదివి చిన్న జవాబు రాయడం. నేర్పిస్తాం: ఈ-వే బిల్లు, మా స్టాక్ పేర్లు. టైమ్: 10 నుంచి 6:30, ఆదివారం సెలవు, 9–11, 18–20 తేదీల్లో 8 దాకా. గ్రాస్ 24,000, చేతికి 22,000. అవసరానికి ఒక నెల జీతం దాకా అడ్వాన్స్, ఆరు నెలల్లో కోత. మొదటి మూడు నెలలు ప్రొబేషన్, ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకోం."

స్టెప్ 6: పెట్టేముందు ఇద్దరికి చదివి వినిపించండి

ఒకరు ఆ పని చేస్తున్న మనిషి, రెండోవాళ్లు ఆఫీసుతో సంబంధం లేనివాళ్లు. బయటివాళ్లని "ఇది చదివాక 14వ తారీఖు ఏం చేస్తావు?" అని అడగండి, చెప్పలేకపోతే ఆ లైన్ మళ్లీ రాయాలి. పని చేసే మనిషిని "ఇందులో లేనిది ఏమైనా చేస్తున్నావా?" అని అడగండి. మేం అడిగితే, గోడౌన్‌లో నెలాఖరు స్టాక్ లెక్కకి కూడా నేనే వెళ్తాను అన్నాడు, సగం రోజు, దుమ్ములో, నిచ్చెన ఎక్కి. ఆ లైన్ కూడా కలిపి అప్పుడు పోస్ట్ చేశాం.