పక్క సైట్ మోతకు నిద్రలేని గెస్ట్‌కు క్షమాపణ ఎలా రాయాలి?

పక్క స్థలంలో రాత్రంతా భవన నిర్మాణ పనులు జరిగితే, హోటల్ వాళ్ల నోట ముందు వచ్చే మాట 'అది మా చేతుల్లో లేదండీ'. నిజమే. కానీ గెస్ట్ కోపం ఎక్కువగా కాంక్రీట్ మిక్సర్ మీద కాదు, ముందే చెప్పనందుకు, ఫోన్ చేసినా గది మార్చనందుకు. క్షమాపణ కూడా వాటికే చెప్పాలి.

1. రాసే ముందు రాత్రి షిఫ్ట్ లాగ్‌బుక్ తీయండి. గెస్ట్ ఎన్నింటికి ఫోన్ చేశారు, ఎవరు ఏం చెప్పారు, అప్పుడు అవతలి వైపు గదులు ఖాళీగా ఉన్నాయా చూడండి. గది ఉండి కూడా ఇవ్వకపోతే ఆ మాట ఒప్పుకోవాల్సిందే. గెస్ట్ ఇంకా హోటల్‌లోనే ఉంటే ముందు గది మార్చండి, ఉత్తరం తర్వాత. పై అంతస్తు కంటే సైట్‌కు వెనక వైపున్న గది మేలు, మధ్యలో భవనమే అడ్డుగోడ అవుతుంది.

2. సైట్ ఇంజనీరుతో మాట్లాడండి. శ్లాబ్ కాంక్రీట్ మొదలుపెట్టాక మధ్యలో ఆపితే పాత పోతకూ కొత్త పోతకూ సరిగా అతుకు పడదు, అందుకే పని రాత్రిలోకి సాగుతుంది. తర్వాతి శ్లాబ్ ఎప్పుడో కనుక్కోండి. అది తెలియకుండా 'ఇకపై ఇలా జరగదు' అని రాయకండి. మళ్లీ మోత వస్తే ఆ ఉత్తరమే మీకు ఎదురు తిరుగుతుంది.

3. ఇరవై నాలుగు గంటల్లోపు, మేనేజర్ పేరుతో పంపండి. రాత్రి రెండుసార్లు ఫోన్ చేసినా గది మారని గెస్ట్‌కు ఇలా రాయవచ్చు:

"నమస్కారమండీ. నిన్న రాత్రి 11:40 నుంచి 3 గంటల దాకా పక్క సైట్‌లో కాంక్రీట్ పని వల్ల మీకు నిద్ర లేకుండా పోయింది. పని ఉందని చెక్-ఇన్ సమయంలోనే మీకు చెప్పాల్సింది, చెప్పలేదు. మీరు రెండుసార్లు ఫోన్ చేసినా, వెనక వైపు గదులు ఖాళీగా ఉండి కూడా మార్చలేదు. ఈ రెండూ మా తప్పులే, క్షమించండి. ఆ రాత్రి అద్దె పూర్తిగా మీ కార్డుకే తిరిగి పంపుతున్నాం. ఏ సందేహమున్నా ఈ మెయిల్‌కే జవాబివ్వండి, నేనే చూస్తాను."

'మీకు అసౌకర్యం కలిగి ఉంటే' అనే మాట మాత్రం వద్దు. కలిగిందని ఆయన చెప్పాక ఆ 'ఉంటే' అనుమానంలా వినిపిస్తుంది. మళ్లీ వస్తే ఇస్తామనే డిస్కౌంటూ పరిహారం కాదు. నిద్ర పాడైన చోటికి తిరిగి రమ్మనడమే అవుతుంది. డబ్బు వాపసుకు అకౌంట్స్ వాళ్ల అనుమతి ముందే తీసుకోండి. రాశాక అది ఆలస్యమైతే క్షమాపణ విలువ పోతుంది.

4. ఉత్తరం కాపీ ఫ్రంట్ ఆఫీస్‌కు ఇవ్వండి. పని ముగిసేదాకా సైట్ వైపు గదులు చివరగా కేటాయించాలి. తప్పక ఇవ్వాల్సి వస్తే, తాళం చేతికి ఇవ్వకముందే గెస్ట్‌కు విషయం చెప్పాలి.