శ్రీశైలం ప్రయాణం పట్టికలో ఒక గడి ఎక్కువ వేయండి

ఒంగోలు నుంచి కుటుంబంతో శ్రీశైలం వెళ్తుంటే, బయల్దేరడం ఆలస్యమై దోర్నాల దగ్గర అడవి గేటు మూసేస్తారేమోనని దారంతా టెన్షన్. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఆ ఘాట్‌లోకి బండ్లను వదలరు.

అందుకే పట్టికలో సమయం, బండి, బుకింగ్, ఖర్చుతో పాటు ‘ఇది దాటకూడదు’ అని ఇంకో గడి పెట్టి, వెనక నుంచి నింపుతున్నాను. దోర్నాల గేటుకు రాత్రి 8. మార్కాపురం మీదుగా కారులో మూడున్నర గంటలు, పిల్లల టిఫిన్‌కి అరగంట. అంటే ఇంట్లో సాయంత్రం 4 దాటకూడదు.

ఖర్చు గడిని కూడా ‘కట్టేసింది’, ‘దారిలో కట్టాల్సింది’ అని రెండుగా చీల్చండి. రెండోదాని మొత్తమే చేతిలో ఉంచుకోవాల్సిన నగదు.

శివరాత్రికి, కార్తీక సోమవారాలకి మాత్రం ఈ లెక్క నిలవదు. ఘాట్‌లోనే గంటలు పడుతుంది, పగలే వెళ్లిపోండి.