తెల్లగడ్డ నూనె సీసా బయట ఎందుకు పెట్టకూడదు, ఎలా చేసుకోవాలి?

మే నెలలో ప్రొద్దుటూరులో మా పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. పొద్దున కారం దోసె పెట్టింది. దోసె మీద ఎర్రకారం పూశాక, పొయ్యి పక్క గూట్లోంచి ఒక పాత కాఫీ పొడి సీసా తీసి, చెంచాడు నూనె చుట్టూ వదిలింది. వాసన అదిరిపోయింది. సీసాను వెలుతురులోకి పట్టి చూశాను. అడుగున ఒలిచిన తెల్లగడ్డ పాయలు, మధ్యలో పచ్చి కరివేపాకు, పైన నాలుగు వేళ్ల మందం గానుగ శెనక్కాయ నూనె. ఒకటి రెండు పాయలకు సన్నటి గాలి బుడగలు అంటుకుని ఉన్నాయి.

"ఎప్పుడు వేశావు పెద్దమ్మా?"

"మూడు వారాలయింటాది. నూనెలో మునిగింటే ఏమీ కాదులే, ఆవకాయ ఏడాది ఉండదా?"

చాలా ఇళ్లలో ఇదే లెక్క. ఆ లెక్కలో ఒక అంకె తప్పిపోయింది.

ఆవకాయను కాపాడేది నూనె కాదు, మామిడి పులుపూ ఉప్పూ. నూనె చేసేది గాలి తగలకుండా మూత వేయడమే. బూజుకు గాలి కావాలి కాబట్టి ఆ మూత బూజును ఆపుతుంది. కానీ గాలి లేని చోటే బాగా పెరిగే సూక్ష్మజీవి ఒకటుంది, పేరు క్లోస్ట్రీడియం బోట్యులినం. పచ్చడి జాడీలో అది పెరగకుండా పులుపు అడ్డుకుంటుంది. తెల్లగడ్డ నూనె సీసాలో పులుపూ లేదు, ఉప్పూ లేదు, మూత మాత్రం ఉంది. అంటే దానికి కావలసిన గదిని మనమే కట్టి ఇచ్చినట్టు.

ఆ జీవి మట్టిలో ఉంటుంది. తెల్లగడ్డ మట్టిలోనే పెరుగుతుంది. గట్టి పెంకు ఉన్న బీజకణాల రూపంలో పాయలకు అంటుకుని వస్తుంది, కడిగినా పూర్తిగా పోదు. మామూలుగా తింటే పెద్దవాళ్లకు వాటితో ఇబ్బంది లేదు, రోజూ తింటూనే ఉన్నాం. తడి, గాలి లేకపోవడం, పులుపు లేకపోవడం, వెచ్చదనం, ఈ నాలుగూ కలిస్తే ఆ కణాలు మొలకెత్తి విషం తయారు చేస్తాయి. మన వైపు ఎండాకాలంలో వంటింటి గూడు ముప్పై ఐదు, నలభై డిగ్రీలకు పోతుంది. దానికి చాలా అనువైన వేడి అది.

"నూనె బాగా కాగబెట్టి అందులో వేస్తే?" అని పెద్దమ్మ అడిగింది. మంచి ప్రశ్నే. నూనె 170 డిగ్రీలకు కాగినా, పాయ లోపల తడి ఉన్నంత సేపూ అక్కడ వేడి 100 డిగ్రీలు పెద్దగా దాటదు. చిటపటమంటూ బుడగలు వస్తున్నాయంటే లోపలి నీరు ఇంకా ఆవిరవుతోందని అర్థం. ఈ బీజకణాలు చావాలంటే ప్రెషర్ మీద 121 డిగ్రీల దాకా పోవాలి. కాగబెట్టడం వల్ల మిగతా సూక్ష్మజీవులు చచ్చి దీనికి పోటీ తగ్గుతుందే తప్ప ఇది చావదు. పాయలు ఎర్రగా వేగాయి కదా అని కూడా నమ్మకం పెట్టుకోవద్దు. లోపల ఎంత తడి మిగిలిందో ఇంట్లో కొలవలేం, కాబట్టి పచ్చి పాయల లాగే చూడాలి.

ఇది కాగితం మీది భయం కాదు. 1985లో కెనడాలోని వాంకోవర్‌లో ఒక రెస్టారెంట్‌లో తిన్న 36 మందికి బోట్యులిజం, అంటే ఈ విషంతో వచ్చే జబ్బు, పట్టుకుంది. కారణం నూనెలో వేసిన తెల్లగడ్డ సీసా. ఫ్రిజ్‌లో ఉంచమని దాని మీద రాసే ఉంది, కానీ బయటే పెట్టి వాడారు. 1989లో న్యూయార్క్ రాష్ట్రంలో మళ్లీ అలాగే ముగ్గురికి వచ్చింది. ఆ తర్వాతే అమెరికాలో అమ్మే తెల్లగడ్డ నూనెల్లో పులుపు గానీ, సూక్ష్మజీవులను ఆపే వేరే పదార్థం గానీ తప్పకుండా కలపాలని నియమం పెట్టారు. మన అంగట్లో కొనే అల్లం తెల్లగడ్డ పేస్టు ప్యాకెట్ తిప్పి చూడండి, ఎసిడిటీ రెగ్యులేటర్ అనో, ఐఎన్ఎస్ 330 అనో ఉంటుంది. 330 అంటే సిట్రిక్ యాసిడ్, మనం నిమ్మ ఉప్పు అనేదే.

రోజువారీ వాడకానికి: కొంచెం చేసి ఫ్రిజ్‌లో పెట్టడం

చాలామందికి ఇదొక్కటే చాలు. నాలుగు రోజుల్లో అయిపోయేంతే చేయండి. నలుగురున్న ఇంటికి పది పాయలు, అర కప్పు నూనె సరిపోతాయి. పాయలు ఒలిచి, కచ్చాపచ్చాగా దంచి, సన్న మంట మీద నూనెలో వాసన వచ్చేదాకా ఉంచి దించండి. చల్లారాక సీసాలో పోసి వెంటనే ఫ్రిజ్ లోపలి అరలో పెట్టండి. తలుపు అర వద్దు, తెరిచినప్పుడల్లా వేడెక్కుతుంది. సీసా మీద చేసిన తేదీ రాయండి. నాలుగు రోజులు దాటితే, సగం మిగిలినా సరే, పారేయండి.

వాడేటప్పుడు కావలసింది చెంచాతో తీసుకుని సీసాను మళ్లీ లోపల పెట్టేయాలి. దోసెలన్నీ పోసేదాకా గట్టు మీద వదిలేయడం మన అలవాటు, జాగ్రత్త అక్కడే కావాలి. చలికి శెనక్కాయ నూనె చిక్కబడొచ్చు, చెడిపోయిందని కాదు. కరెంటు పోయి ఫ్రిజ్ నాలుగు గంటలకు మించి ఆగిపోతే ఆ సీసాను వదులుకోండి.

ఇంకా ఎక్కువ కాలం కావాలంటే ఫ్రీజర్ ఉంది. దంచిన తెల్లగడ్డను నూనెతో కలిపి ఐస్ ట్రేలో పోసి గడ్డ కట్టించండి. గట్టిపడ్డాక ముక్కలు తీసి కవర్‌లో వేసి ఫ్రీజర్‌లోనే ఉంచితే కొన్ని నెలలు వాడుకోవచ్చు. పోపు వేసేటప్పుడు ఒక ముక్కను నేరుగా బాణలిలో వేస్తే సరి. ఇంట్లో రుబ్బుకునే అల్లం తెల్లగడ్డ ముద్దకూ నేను ఇదే చేస్తాను.

బయట పెట్టాల్సిందే అంటే: ముందు పులుపు పట్టించాలి

అమెరికాలోని ఐడహో విశ్వవిద్యాలయం వాళ్లు ఇళ్లలో చేసుకోవడానికి వీలుగా ఒక పద్ధతిని పరీక్షించి పెట్టారు. దీనికి వంటింటి డిజిటల్ తూకం కావాలి, చెంచాల అంచనా కుదరదు.

50 గ్రాముల ఒలిచిన తెల్లగడ్డ తీసుకోండి. ముక్కలు పావు అంగుళానికి మించకుండా తరగాలి, అంటే పెసరగింజంత అనుకోండి. పాయలను ముక్కలు చేయకుండా వేస్తే పులుపు నడిమికి చేరదు, చేసిన పనంతా దండగ. ఒక గాజు గిన్నెలో 150 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, 5 గ్రాముల నిమ్మ ఉప్పు పూర్తిగా కరిగేదాకా కలపండి. ఇది సుమారు 3 శాతం ద్రావణం. ముక్కలు అందులో వేసి, తేలకుండా పైన చిన్న పళ్లెం పెట్టి, మూత వేసి 24 గంటలు కదపకుండా ఉంచండి. ఈ రోజు పొద్దున తొమ్మిదికి వేస్తే రేపు తొమ్మిదికి తీయాలి. రాత్రికే తీసేస్తే లెక్క తప్పినట్టే.

తర్వాత నీళ్లు వంపేసి, ముక్కలను చిల్లుల గిన్నెలో బాగా వార్చండి. మళ్లీ మంచినీళ్లతో కడగొద్దు, పట్టించిన పులుపు పోతుంది. 50 గ్రాముల తెల్లగడ్డకు 500 గ్రాముల నూనె, అంటే అర లీటరు కంటే కొంచెం ఎక్కువ. శుభ్రమైన పొడి సీసాలో రెండూ కలిపి మూత పెట్టండి. వాసన ఒకటి నుంచి పది రోజుల్లో దిగుతుంది. నచ్చినంత దిగాక ముక్కలు వడకట్టేయొచ్చు, ఉంచేయొచ్చు. రుచిలో కొంచెం పులుపు తగులుతుంది. కారం దోసెకు అది బాగానే ఉంటుంది కానీ, పాలకూర పప్పు మీద నాకు నచ్చలేదు.

నిమ్మ ఉప్పు బదులు నిమ్మరసమో వెనిగరో పోస్తామంటే ఒప్పుకోను. పరీక్షించింది నిమ్మ ఉప్పుతోనే, అందులో పులుపు ఎంతో తెలుసు. చెట్టు నిమ్మకాయలో ఎంతుందో కాయకో లెక్క. అలాగే ఆ పరీక్షలో తెల్లగడ్డతో పాటు ఉన్న ఆకులు బేసిల్, ఒరిగానో, రోజ్‌మేరీ. మన కరివేపాకు, కొత్తిమీర, పుదీనా అందులో లేవు. కాబట్టి పచ్చి కరివేపాకు నూనెను ఫ్రిజ్‌లోనే, నాలుగు రోజులే. కాదంటే ఆకును నలిపితే గలగలమని పొడయ్యేదాకా ఎండబెట్టి నూనెలో వేయండి. తడి లేకపోతే ఆ జీవి పెరగదు. పూర్తిగా ఎండిన మిరపకాయలు వేసిన నూనెకూ ఇదే వర్తిస్తుంది.

ఇప్పటికే గూట్లో ఉన్న సీసా సంగతి

వాసన చూసి తేల్చుకుందామనుకోవద్దు. ఈ విషానికి రంగు, వాసన, రుచి ఉండకపోవచ్చు. పెద్దమ్మ సీసాలో బుడగలు కనిపించాయి కానీ, బుడగలు లేని సీసా కూడా అంతే ప్రమాదం. వేలు ముంచి నాకి చూడటం అన్నిటికంటే తప్పు, ఆ కొంచెం చాలు. గట్టిగా మరిగిస్తే విషం విరుగుతుంది, నిజమే. కానీ మనం ఆ నూనెను దోసె మీద చల్లుకునే రకం కాబట్టి ఆ ఆశ వద్దు. మూత తీయకుండా రెండు కవర్లలో కట్టి చెత్తలో వేయండి. కోళ్లకో, గేదె కుడితిలోనో పోయొద్దు, వాటికీ ఈ జబ్బు వస్తుంది.

ఎవరైనా ఇలాంటి నూనె తిని ఉంటే ఏం కనిపిస్తుందో తెలిసి ఉండాలి. సాధారణంగా 12 నుంచి 36 గంటల్లో మొదలవుతుంది, కొందరికి చాలా రోజులు పట్టొచ్చు. ముందు కళ్ల దగ్గర తెలుస్తుంది. ఒక మనిషి ఇద్దరుగా కనిపించడం, రెప్పలు వాలిపోవడం. తర్వాత నోరు ఎండిపోయి, మాట ముద్దగా వచ్చి, గుటక పడదు. నీరసం పై నుంచి కిందికి దిగుతుంది, భుజాలు, చేతులు, ఆ తర్వాత కాళ్లు. జ్వరం ఉండదు, మనిషి స్పృహలోనే ఉంటాడు. అందుకే తాగి వచ్చాడేమో, పక్షవాతమేమో అనుకుని రోజులు పోగొడతారు. ఊపిరి తీసే కండరాల దాకా వస్తే వెంటిలేటర్ కావాలి. విరుగుడు మందు ఎంత త్వరగా పడితే అంత పనిచేస్తుంది, ఇప్పటికే పడిపోయిన కండరాలను మాత్రం అది వెంటనే లేపలేదు.

అందుకని రెప్పలు వాలినట్టు అనిపించిన గంటలోనే 108కి ఫోన్ చేయండి, ఐసీయూ ఉన్న పెద్దాసుపత్రికి పోవాలి. "నాలుగు రోజుల కింద బయట పెట్టిన తెల్లగడ్డ నూనె తిన్నాడు" అని డాక్టరుకు ముందే చెప్పండి. అడిగేదాకా ఆగొద్దు, ఆయనకు ఆ ఆలోచన రావడానికి ఆ ఒక్క మాటే దారి. మిగిలిన సీసా ఉంటే పారేయకుండా కవర్‌లో కట్టి వెంట తీసుకుపోండి, పరీక్షకు పనికొస్తుంది.

పెద్దమ్మ సీసా ఆ రోజే చెత్తబండి ఎక్కింది. "అర కిలో గానుగ నూనె రా!" అని సాయంత్రం దాకా సణిగింది. మరుసటి రోజు పొద్దున పది పాయలు దంచి, కొత్త సీసా మూత మీద ముగ్గు పిండితో తేదీ రాయబోతే, నేను ప్లాస్టర్ ముక్క అంటించి పెన్ను ఇచ్చాను.