తీసేసిన ఫొటో మళ్లీ ఎక్కకుండా ఆపడం – మూడో పాఠం: తేడాను ఎలా లెక్కపెట్టాలి

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. ఒక ఫొటో తీసి, దాన్ని వాట్సాప్‌లో మీకు మీరే పంపుకొని, రెండు ఫైళ్లకూ ఎస్‌హెచ్‌ఏ-256, అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి హ్యాష్, తీసి చూడమన్నాను. ఇక్కడ బెంగళూరులో చేసినవాళ్లు, ఊళ్ల నుంచి రాసినవాళ్లు అందరిదీ ఒకటే గొడవ: "ఫొటో అదే, హ్యాష్ మాత్రం మొదటి అక్షరం నుంచే వేరు, ఎక్కడ తప్పు చేశాం?" ఎక్కడా చేయలేదండీ. వాట్సాప్ ఫొటోను కుదించి మళ్లీ జేపెగ్ చేస్తుంది, ఫైల్లో ఒక్క బిట్ మారినా ఎస్‌హెచ్‌ఏ-256 మొత్తం మారిపోవాలి, దాన్ని తయారుచేసిందే అందుకు. అంటే ఎవరి ఫొటోనైనా తీసేయించాక, ఇంకొకడు దాని స్క్రీన్‌షాట్ ఎక్కిస్తే ఆ హ్యాష్ పట్టుకోలేదు.

కాబట్టి ప్లాట్‌ఫామ్‌లు ఫైలును కాకుండా బొమ్మ రూపాన్ని హ్యాష్ చేస్తాయి. మైక్రోసాఫ్ట్ 2009లో డార్ట్‌మత్ కాలేజీ ప్రొఫెసర్ హానీ ఫరీద్‌తో కలిసి చేసిన ఫొటోడీఎన్ఏ ఒకటి, ఫేస్‌బుక్ 2019లో అందరికీ ఇచ్చేసిన పీడీక్యూ ఇంకొకటి. మనం మాత్రం డీహ్యాష్‌తో నేర్చుకుందాం, ఎందుకంటే దీన్ని గళ్ల నోటుబుక్‌లో చేత్తో వేయొచ్చు. చేత్తో వేయలేని దాన్ని మొదట నేర్పడం నాకిష్టం ఉండదు.

పద్ధతి ఇది. ఫొటోను నలుపు తెలుపు చేసి, అడ్డంగా 9, నిలువుగా 8 గళ్లకు కుదించాలి. పొడవు వెడల్పుల నిష్పత్తి పోతే పోనీండి. ప్రతి వరసలో పక్కపక్క గళ్లను పోల్చి, కుడి గడి ఎడమ దానికంటే వెలుగుగా ఉంటే 1, లేకపోతే 0. తొమ్మిది గళ్లకు ఎనిమిది పోలికలు, ఎనిమిది వరసలకు 64 బిట్లు. అంతే హ్యాష్.

లాల్‌బాగ్ గాజు మేడ ఫొటోలో ఒక వరస గళ్ల వెలుగు, నలుపు 0, తెలుపు 255 లెక్కన, ఇలా వచ్చిందనుకోండి:

```
52 60 58 58 91 120 118 90 95
```

52 నుంచి 60కి పెరిగింది, 1. 60 నుంచి 58కి తగ్గింది, 0. 58, 58 సమానం, పెరగలేదు కాబట్టి 0. ఇలా పోతే 10011001, దాన్ని హెక్స్‌లో రాస్తే 99. ఇప్పుడు అదే వరస ఫార్వర్డ్ అయి వచ్చాక:

```
53 60 58 59 90 119 118 91 95
```

అంకెలు చాలావరకు కదిలాయి, కానీ బిట్లు 10111001, అంటే b9. ఒక్క బిట్టే మారింది, అదీ 58, 58 సమానంగా ఉన్న చోట. ఫొటో మొత్తానికి 20 వెలుగు పెంచినా, 255 దాటి తెల్లబడిపోని గళ్లలో ఏ బిట్టూ మారదు, ఎందుకంటే మనం చూసేది ఎక్కువ తక్కువలనే. సమతలంగా ఉండే ఆకాశం, గోడ ఎక్కువున్న ఫొటోల్లో మాత్రం ఈ సమానం గొడవ ఊరికే బిట్లను తిప్పేస్తుంది. పీడీక్యూ హ్యాష్‌తో పాటు 0 నుంచి 100 వరకు ఒక నాణ్యత అంకె కూడా ఇచ్చేది ఇలాంటి ఫొటోలను పక్కన పెట్టడానికే.

ఇక నన్ను విసిగించే విషయం. చాలామంది రెండు హ్యాష్‌లను పక్కపక్కన పెట్టి "పదహారు అక్షరాల్లో మూడే తేడా, దగ్గరగానే ఉన్నాయి" అని తేల్చేస్తున్నారు. అక్షరాలను లెక్కపెట్టకండి. హెక్స్ అక్షరం ఒక్కోదానిలో నాలుగు బిట్లు దాక్కుని ఉంటాయి. 99, b9 పోల్చండి: ఒక అక్షరం తేడా, 1001కీ 1011కీ ఒక్క బిట్ తేడా. ఇప్పుడు 77, 78 పోల్చండి: మళ్లీ ఒక అక్షరమే తేడా, చూడ్డానికి పక్కపక్క అంకెలు కూడా, కానీ 0111కీ 1000కీ నాలుగు బిట్లూ తారుమారే. ఏడు తర్వాత ఎనిమిదే కదా అనే అలవాటు ఇక్కడ పనికిరాదు, 0కీ 8కీ ఒక బిట్టే తేడా మరి. పది అక్షరాలు తేడా ఉంటే అసలు దూరం, అంటే తేడా ఉన్న బిట్ల లెక్క, 10 కావచ్చు, 40 కూడా కావచ్చు. 10 అంటే చాలావరకు అదే ఫొటో, 40 అంటే సంబంధం లేని ఫొటో. సంబంధం లేని రెండు ఫొటోలకు సుమారుగా సగం బిట్లు, అంటే 32 చుట్టుపక్కల తేడా వస్తుంది. కంటితో చూసి నిర్ణయం చేయకండి, లెక్క మెషిన్‌కి వదిలేయండి:

```
bin(0x77 ^ 0x78).count("1")   # 4
```

మొత్తం ఫొటోకైతే ImageHash లైబ్రరీ చాలు, పైథాన్‌లో pip పని మీకు తెలిసే ఉంటుంది.

```
from PIL import Image, ImageOps
import imagehash

def h(f):
    im = ImageOps.exif_transpose(Image.open(f))
    return imagehash.dhash(im)

print(h("asalu.jpg") - h("forward.jpg"))
```

ఆ exif_transpose అనవసరం అనుకుని తీసేయకండి. మారతహళ్లి నుంచి ఒకాయన ముందే డీహ్యాష్ వేసి చూసి, ఒకే ఫొటోకి దూరం 34 వచ్చిందని రాశారు. ఫోన్ నిలువుగా పట్టుకుని తీస్తే చాలా ఫోన్లు ఫొటోను అడ్డంగానే దాచి, తిప్పి చూపించమని ఒక గుర్తు పెడతాయి. వాట్సాప్ పిక్సెళ్లనే తిప్పేసి ఆ గుర్తు తీసేస్తుంది. ఆయన పోల్చింది నిలబడ్డ ఫొటోనీ పడుకున్న ఫొటోనీ.

ప్లాట్‌ఫామ్‌లో జరిగేది కూడా ఇదే. ఫిర్యాదు వచ్చిన ఫొటోను తీసేయాలని తేల్చాక దాని హ్యాష్ జాబితాలో చేరుతుంది. ఎవరు కొత్త ఫొటో ఎక్కించినా దానికీ హ్యాష్ తీసి, దూరం ఒక హద్దు లోపల ఉంటే ఆపుతారు, లేదా మనిషి దగ్గరకు పంపుతారు. పీడీక్యూకి 256 బిట్లు, అది రాసినవాళ్లు సూచించిన హద్దు 31. ఒప్పుకోకుండా పంచే అంతరంగిక ఫొటోలను ఆపే స్టాప్‌ఎన్‌సీఐఐ అనే సేవలోనైతే బాధితులు తమ ఫోన్‌లోనే హ్యాష్ తీసి పంపుతారు, ఫొటో ఫోన్ దాటి పోదు. ఆ హ్యాష్ పనిచేసేది అందులో చేరిన ప్లాట్‌ఫామ్‌లలోనే.

మన 64 బిట్లకు హద్దు ఎంత? చాలామంది 10 అంటారు, నేను 8 దగ్గర ఆగుతాను. కారణం చాట్ స్క్రీన్‌షాట్లు. 9 గళ్లకు కుదిస్తే అక్షరాలన్నీ కరిగిపోయి బూడిద మచ్చలే మిగులుతాయి, సంబంధం లేని ఇద్దరి సంభాషణలు కూడా దాదాపు ఒకేలా కనిపిస్తాయి. ఒకరి చాట్ తీసేస్తే ఇంకొకరి చాట్ ఆగిపోతుంది. హద్దు మరీ 2కి బిగిస్తే మూల మీద స్టిక్కర్ అంటించినవాడు తప్పించుకుపోతాడు. ఇక అద్దంలో లాగా తిప్పినా, పక్కల నుంచి బాగా కత్తిరించినా, కింద వెడల్పాటి పట్టీ చేర్చినా 8 ఏంటి, 10 కూడా చాలదు. తిప్పిన వాటికి మందు ఉంది: జాబితాలో పెట్టేటప్పుడే తిప్పిన రూపాల హ్యాష్‌లు కూడా చేర్చేస్తారు. కత్తిరింపుకు ఈ పద్ధతిలో మందు లేదు.

అభ్యాసం, ఈసారి కొంచెం బరువే. మీ ఫొటో ఒకటి తీసుకుని ఈ రూపాలు చేయండి: ఫార్వర్డ్, స్క్రీన్‌షాట్, వెలుగు పెంచినది, స్టిక్కర్ వేసినది, అద్దంలా తిప్పినది, ఒక పక్క పదో వంతు కత్తిరించినది, మూడో వంతు కత్తిరించినది. ఒక్కోదాని దూరం రాసుకోండి. తర్వాత మీ ఫోన్‌లోని చాట్ స్క్రీన్‌షాట్లన్నీ ఒకదానితో ఒకటి పోల్చి, 8 లోపల వచ్చిన వేర్వేరు జతలు పట్టుకోండి. స్క్రీన్‌షాట్లు నాకు పంపొద్దు, దూరాలు మాత్రం పంపండి. చేత్తో ఒక వరసైనా వేయనివాళ్ల అంకెలు నేను చూడను.